"నడుం పట్టేసింది" అంటే సరిపోదు: పనిలో దెబ్బ తగిలిన కార్మికుడు తన వాంగ్మూలం ఎలా రాయాలి

"మిల్లులో పని చేస్తుండగా నాకు నడుం నొప్పి వచ్చింది, డాక్టరు గారు బరువులు ఎత్తొద్దన్నారు, యజమాని పట్టించుకోవడం లేదు, కావున నష్టపరిహారం ఇప్పించగలరు."

పనిలో నడుం దెబ్బతిన్న హమాలీలు ఇచ్చే దరఖాస్తుల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది. ఇందులో అబద్ధం లేదు. కానీ కేసు ఓడిపోవడానికి ఈ ఒక్క వాక్యం చాలు. చెయ్యి తెగినా, వేలు మెషిన్లో పడినా గాయమే సాక్ష్యం, దాన్ని చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. నడుం విషయంలో అలా కాదు. బయటికి ఏమీ కనిపించదు, మనిషి నడుచుకుంటూనే ఆఫీసుకి వస్తాడు, ఎంఆర్ఐ రిపోర్టులో "వయసుతో వచ్చే అరుగుదల" అనే అర్థం వచ్చే మాట ఒకటి ఉంటుంది. అలాంటప్పుడు ఆ మనిషి సొంత మాటల్లో చెప్పిన కథే కేసుకి వెన్నెముక. ఏం పని చేస్తున్నాడు, ఎలా జరిగింది, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయింది అన్నవి సరిగ్గా రాస్తే ఆ కథ నిలబడుతుంది. మిల్లుల్లో, గోడౌన్లలో పనిచేసేవాళ్ళకి ఇలాంటి కాగితాలు రాసిపెట్టే పని నేను చేస్తుంటాను కాబట్టి ఇందులో ఏది పనికొస్తుంది, ఏది దెబ్బకొడుతుంది అన్నది ఒక ఉదాహరణతో చెబుతాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. మన దేశంలో దీనికి మూలం 1923 నాటి చట్టం. మొదట కార్మికుల నష్టపరిహార చట్టం అనేవాళ్ళు, 2009 సవరణతో ఉద్యోగుల నష్టపరిహార చట్టం అయ్యింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. నేను తీసుకున్న ఉదాహరణ 2024 నాటిది కాబట్టి సెక్షన్లు, లెక్కలు పాత చట్టం ప్రకారమే చెబుతున్నాను. అసలు సూత్రం మాత్రం కోడ్‌లోనూ అదే. ఉద్యోగం చేస్తున్న సమయంలో, ఆ ఉద్యోగం వల్ల, ప్రమాదం ద్వారా శరీరానికి గాయం కావాలి. ఈ మూడింటిలో ఒక్కటి తేలకపోయినా పరిహారం రాదు. డ్యూటీలో ఉన్నాడా అన్నది హాజరు పట్టీతో తేలిపోతుంది. మిగిలిన రెండూ, అంటే ప్రమాదం జరిగిందా, అది పని వల్లే జరిగిందా అన్నవి నడుం నొప్పి కేసుల్లో పీటముడి పడతాయి. పైన రాసిన దరఖాస్తులో "నొప్పి వచ్చింది" అని ఉంది గానీ ఏం జరిగి వచ్చిందో లేదు. జ్వరం కూడా పని చేస్తుండగానే రావొచ్చు కదా అని అవతలి లాయరు అడిగితే దానికి ఆ కాగితంలో జవాబు లేదు.

ప్రమాదం అంటే కిందపడటమో, మీద ఏదో పడటమో అయి ఉండాలని చాలామంది అనుకుంటారు. ఈ చర్చ నూట ఇరవై ఏళ్ళ కిందటే ఇంగ్లండులో జరిగింది. ఫెంటన్ అనే కార్మికుడు ఒక మెషిన్ మూత ఎత్తడానికి చక్రం తిప్పుతున్నాడు. అది బిగుసుకుపోయి కదల్లేదు. తోటి పనివాణ్ణి పిలిచి ఇద్దరూ కలిసి గట్టిగా తిప్పారు. చక్రం కదిలింది గానీ, ఆ క్షణంలో లోపల ఏదో చిరిగినట్టు అనిపించిందని అతను చెప్పాడు. తర్వాత చూస్తే హెర్నియా. కింది కోర్టు ఇది ప్రమాదం కాదంది, ఎందుకంటే జారలేదు, పడలేదు, అతను చేయాలనుకున్న పనే చేశాడు. 1903లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ తీర్పుని కొట్టేసింది. ఎవరూ అనుకోని, ఎవరూ కోరని చెడు జరిగితే చాలు, అదే ప్రమాదం, అది శరీరం లోపల జరిగినా సరే అంది. ఈ నిర్వచనాన్ని మన కోర్టులూ తీసుకున్నాయి. ఆ కేసులో నాకు ముఖ్యంగా కనిపించేది ఫెంటన్ చెప్పిన తీరు. చక్రం కదల్లేదు, ఇంకొకణ్ణి పిలిచాను, ఇద్దరం కలిసి తిప్పాం, అప్పుడు చిరిగినట్టయింది. ఒక పని, అందులో మామూలుగా లేని ఒక ఇబ్బంది, ఒక క్షణం, ఆ క్షణంలో ఒంట్లో తెలిసిన మార్పు, అన్నీ అందులో ఉన్నాయి.

ఇంకో వైపు కూడా చూడాలి. మెకిన్నన్ మెకెంజీ కంపెనీ ఓడలో పనిచేసే ఒక నావికుడు నడిసముద్రంలో కనిపించకుండా పోయాడు. ఎలా పోయాడో చూసినవాళ్ళు లేరు. 1969లో సుప్రీంకోర్టు, పరిస్థితుల్ని బట్టి ఒక నిర్ణయానికి రావచ్చు గానీ ఉత్త ఊహ మీద పరిహారం ఇవ్వలేమని చెప్పి క్లెయిమ్ తిరస్కరించింది. పని వల్లే జరిగిందని చూపించే బాధ్యత అడిగేవాళ్ళ మీదే ఉంటుంది. చెప్పడానికి అక్కడ మనిషే లేడు. బతికున్న కార్మికుడు చెప్పగలిగీ చెప్పకపోతే, ఇలాంటి క్లెయిమ్‌లు విచారించే కమిషనర్ ముందు అతని కేసులోనూ అదే ఖాళీ మిగులుతుంది.

ఇక ఉదాహరణ. ఇది ఏ ఒక్కరి కేసూ కాదు, ఇలాంటి కేసుల్లో మామూలుగా ఉండే వివరాలతో కూర్చినది. ఒక చిన్న రైస్ మిల్లు, ఎనిమిది మంది పనివాళ్ళు, ఈఎస్ఐ లేదు. నలభై ఏళ్ళ కార్మికుడు, బస్తాకి ఇంత అని కూలీ. 2024 జూన్ 12న లారీకి బియ్యం లోడ్ చేస్తుండగా నడుం పోయింది. మొదట అతను రాయించుకొచ్చిన కాగితంలో పైన చెప్పిన ఒక్క వాక్యం, దాని కింద పేజీన్నర యజమాని దుర్మార్గం. పనివాళ్ళని పశువుల్లా చూస్తారని, బోనస్ ఇవ్వలేదని, పోయినేడాది ఇంకొకడికి దెబ్బ తగిలితే అయిదు వందలు చేతిలో పెట్టి పంపించేశారని రాసి ఉంది. ఆ కోపంలో న్యాయం ఉంది, కానీ ఈ చట్టానికి యజమాని తప్పుతో పని లేదు. యజమాని నిర్లక్ష్యం లేకపోయినా పరిహారం ఇవ్వాల్సిందే, కార్మికుడు కొంచెం అజాగ్రత్తగా ఉన్నా ఇవ్వాల్సిందే. తాగి ఉన్నాడనో, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని మీరాడనో, రక్షణ పరికరాన్ని తెలిసీ తీసేశాడనో చూపిస్తే తప్ప యజమాని తప్పించుకోలేడు. చావుకి గానీ పూర్తి శాశ్వత వైకల్యానికి గానీ దారితీస్తే ఆ సాకులు కూడా చెల్లవు. కాబట్టి ఆ పేజీన్నర వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా క్రాస్ ఎగ్జామినేషన్లో "నీకు యజమాని మీద పగ ఉంది కదా" అనడానికి అదే దొరుకుతుంది. అలాగే "నా అజాగ్రత్త వల్ల" అని వినయంగా రాసుకోవాల్సిన అవసరమూ లేదు.

అతనితో కూర్చుని పనిని మొదటి నుంచి చెప్పించుకుంటే వాంగ్మూలం ఇలా వచ్చింది:

"మా మిల్లులో లోడింగ్ పని నేను పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. 2024 జూన్ 12 బుధవారం పొద్దున ఎనిమిది గంటలకి పనిలోకి దిగాను. ఆ రోజు పని, లోపలి నెట్టులో నుంచి బియ్యం బస్తాలు తీసి బయట ఆగి ఉన్న లారీలోకి ఎక్కించడం. ఒక్కో బస్తా 50 కిలోలు. నెట్టు దగ్గర ఇద్దరు బస్తా పట్టుకుని ఎత్తి మోసేవాడి వీపు మీద పెడతారు, మోసేవాడు వంగి తీసుకుని, అరుగు మీద నుంచి లారీకి వేసిన చెక్కబల్ల ఎక్కి లోపల దించుతాడు. నేను మోసేవాణ్ణి. సుమారు పదకొండు గంటలప్పుడు, రెండో లారీ సగం నిండాక, నేను వంగి వీపు పెట్టాను. ఎత్తే ఇద్దరిలో కుడివైపు అతనికి గోనె అంచు చేతిలోంచి జారింది. బస్తా నా వీపు మీద నిలవకుండా ఎడమవైపుకి ఒరిగింది. పడిపోకుండా నేను వంగినచోటే ఎడమవైపుకి మెలితిరిగి చేత్తో ఆపబోయాను. అప్పుడు నడుం కింది భాగంలో కటుక్కుమని తెలిసింది. వెంటనే ఎడమ పిర్రలో నుంచి కాలి కిందికి కరెంటు షాకు కొట్టినట్టు మంట పోయింది. బస్తా వదిలేశాను. నేను కింద పడలేదు, నెట్టుని పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎత్తుతున్న ఇద్దరూ చూశారు. గుమస్తాకి అప్పుడే చెప్పాను. ఆయన కాసేపు కూర్చోమన్నాడు. కూర్చుంటే నొప్పి ఎక్కువైంది, అందుకని అరుగు మీద పడుకున్నాను. మధ్యాహ్నం నన్ను ఆటోలో ఇంటికి పంపారు. రాత్రికి ఎడమ పాదం మొద్దుబారింది. మర్నాడు పొద్దున ఏరియా ఆసుపత్రికి వెళ్ళాను."

ఇందులో గొప్ప మాటలేమీ లేవు. యజమానికి ఇచ్చే నోటీసు గురించి చెప్పే పదో సెక్షన్ కూడా, గాయానికి కారణాన్ని మామూలు భాషలో చెబితే చాలంటుంది. పేరు, చిరునామా, ప్రమాదం జరిగిన తేదీ, కారణం, అంతే. లాయరు భాష అక్కర్లేదు. నన్నడిగితే అది లేకపోవడమే మంచిది, "విధి నిర్వహణలో తీవ్ర గాయాల పాలై" లాంటి వాక్యం చదివాక బస్తా ఎటు ఒరిగిందో ఎవరికీ తెలీదు.

ఒక్కో వివరం ఎందుకుందో చూడండి. 50 కిలోలు, వంగి ఉండటం, ఆ వంపులోనే మెలితిరగడం. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ మీద అన్నిటికన్నా చెడ్డ ఒత్తిడి వంగి, బరువుతో, పక్కకి తిరిగినప్పుడు పడుతుంది. డిస్క్ వెనక అంచు చిరిగి లోపలి మెత్తటి పదార్థం బయటికి తోసుకొచ్చి పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. ఏ ఎముకల డాక్టరైనా ఈ వాంగ్మూలం చదివి "ఇలా జరిగితే ఈ గాయం రావొచ్చు" అని కమిషనర్ ముందు చెప్పగలడు. "బరువు ఎత్తుతుంటే నొప్పి వచ్చింది" అన్నదాని మీద అంత ధీమాగా చెప్పలేడు. ఇక గోనె అంచు జారడం. రోజూ వందల బస్తాలు మోసే మనిషికి ఈ బస్తా దగ్గరే ఎందుకు జరిగింది అన్న ప్రశ్నకి అదే జవాబు. ఇలాంటి తేడా ఏదీ జరగకపోతే పుట్టించి రాయకూడదు. మామూలుగా ఎత్తుతుండగానే పట్టేస్తే అలాగే రాయాలి, ఫెంటన్ కేసు ఉన్నది అందుకే.

"నేను కింద పడలేదు" అన్న వాక్యం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దీన్ని తీసేయమని, పడ్డానని రాస్తే కేసు గట్టిగా ఉంటుందని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. అలా రాసిన కేసులు పోతాయి. మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడు ఇతను "బస్తా ఎత్తుతుంటే పట్టేసింది" అనే చెప్పి ఉంటాడు, ఓపీ చీటీ మీద అదే ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత దరఖాస్తులో "బల్ల మీద నుంచి జారి పడ్డాను" అని ఉంటే, అవతలి లాయరు రెండు కాగితాలూ పక్కపక్కన పెడతాడు. ఆ తర్వాత ఇతను చెప్పే నిజాలు కూడా ఎవరూ నమ్మరు. జరిగింది ఎంత చిన్నగా కనిపించినా అదే రాయాలి. చిన్న కదలిక చాలు డిస్క్ జారడానికి, ఆ మాట డాక్టరు చెబుతాడు.

ఆ ఓపీ చీటీ దగ్గరే సగం కేసులు తేలిపోతాయి. జనం కిటకిటలాడే ఓపీలో డాక్టరు "ఏమయ్యింది" అంటే మనవాళ్ళు "నడుం నొప్పి సార్" అంటారు, "ఎన్నాళ్ళ నుంచి" అంటే "రెండ్రోజుల నుంచి" అంటారు. చీటీ మీద రెండు రోజులుగా నడుం నొప్పి అని పడుతుంది, దెబ్బ ఏమీ తగల్లేదు అని కూడా ఒక్కోసారి పడుతుంది. కమిషనర్ చూసే కాగితాల్లో అన్నిటికన్నా ముందు పుట్టింది అదే కాబట్టి దాని విలువ ఎక్కువ. అందుకే మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడే ఒక్క వాక్యం చెప్పాలి: "నిన్న మిల్లులో బస్తా ఎత్తుతుంటే అది ఒరిగింది, ఆపబోతే నడుం పట్టేసింది, అప్పట్నుంచి ఎడమ కాల్లోకి నొప్పి." అది రాయమని అడగాలి, చీటీ తీసుకోగానే ఎవరితోనైనా చదివించుకోవాలి. ముందే తప్పుగా పడిపోయి ఉంటే దాన్ని దిద్దకూడదు, దాచకూడదు. డాక్టరు నన్ను ఫలానా అడిగారు, నేను ఫలానా చెప్పాను అని వాంగ్మూలంలోనే వివరించడం మేలు.

నొప్పి గురించి రాయడం ఇంకో రకం కష్టం. "భరించలేని నొప్పి", "నరకయాతన" లాంటివి నిజమే అయినా వాటితో కమిషనర్ గానీ డాక్టరు గానీ ఏమీ చేయలేరు. నొప్పి ఎక్కడుందో, ఏ దారిన పోతుందో, ఏం చేస్తే పెరుగుతుందో చెబితే ఉపయోగం. ఇతని విషయంలో పిర్ర నుంచి తొడ వెనకగా, పిక్క బయటి పక్కగా, పాదం పైభాగం మీద నుంచి బొటనవేలి దాకా వస్తోంది. దగ్గినా తుమ్మినా ఒక్కసారిగా కొడుతోంది. పావుగంట కూర్చుంటే లేవాల్సిందే, పడుకుని మోకాళ్ళు మడిస్తే తగ్గుతోంది. ఎడమ కాలి బొటనవేలు పైకి ఎత్తబోతే కుడి వేలంత బలంగా లేవట్లేదు, చెప్పు జారిపోతోంది. చదువుకోని మనిషి చెప్పిన ఈ దారి, ఎల్5 అనే నరం పోయే దారి ఒకటే. ఎంఆర్ఐలో నాలుగో, అయిదో నడుం పూసల మధ్య డిస్క్ ఎడమవైపుకి జారి ఆ నరాన్ని నొక్కుతున్నట్టు కనిపిస్తే, మాట, ఫిల్మ్ ఒకదానికొకటి సాక్ష్యం. చిటికెన వేలు వైపు పోయే నొప్పి అయితే దాని కింది నరం, ఎస్1. కాబట్టి డాక్టరు రిపోర్టు చూసి కథని దానికి తగ్గట్టు అల్లకూడదు, ఒంట్లో తెలిసింది తెలిసినట్టు రాయాలి. అది సరిపోలితేనే బలం. (ఒక్క మాట, కేసుతో సంబంధం లేకుండా: మూత్రం ఆగిపోయినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా వాంగ్మూలం పక్కన పడేసి వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి, గంటలు ఆలస్యమైతే అది మళ్ళీ రాకపోవచ్చు.)

నొప్పి రాత్రికి పెరిగిందన్నది కూడా చాలామంది వదిలేస్తారు. డిస్క్ గాయంలో మొదట కటుక్కుమని, తర్వాత గంటలు గడిచేకొద్దీ వాపుతో కాల్లోకి దిగడం మామూలే. ఈ రెండు సమయాలూ విడివిడిగా రాయకపోతే "పగలు నడిచి ఆటో ఎక్కినవాడికి రాత్రి ఇంట్లో ఏదో జరిగింది" అని అవతలివాళ్ళు అంటారు.

ఇంక పాత నొప్పి సంగతి. పన్నెండేళ్ళు బస్తాలు మోసిన మనిషికి ఎంఆర్ఐ తీస్తే అరుగుదల కనిపించకుండా ఎలా ఉంటుంది? అసలు ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసినా నలభై ఏళ్ళకి చాలామందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. భయపడి "నాకు ఎప్పుడూ నడుం నొప్పి లేదు" అని రాస్తే, రెండేళ్ళ కిందట ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకున్న సంగతి తోటి పనివాడు సాక్ష్యంలో చెప్పేస్తాడు. ఇతని కాగితంలో ఇలా రాశాం: "రెండేళ్ళ కిందట ఒకసారి నడుం పట్టేసింది, మాత్రలు వాడితే వారంలో తగ్గింది, మళ్ళీ పనిలోకి వచ్చాను. ఆ తర్వాత ఈ ప్రమాదం దాకా రోజూ మోశాను. అప్పుడు కాల్లోకి ఎప్పుడూ రాలేదు." ఆఖరి రెండు వాక్యాలే కీలకం, హాజరు పట్టీ, కూలీ లెక్కల పుస్తకం వాటికి తోడుంటాయి. పాత జబ్బు ఉన్నంత మాత్రాన పరిహారం పోదు. 1950లలోనే బొంబాయి హైకోర్టు పోర్ట్ ట్రస్ట్‌లో పనిచేసే ఒక వాచ్‌మన్ కేసులో, ముందే గుండెజబ్బు ఉన్నా, పని ఒత్తిడి దానికి తోడై చావుని ముందుకు తెచ్చిందని తేలితే యజమాని బాధ్యుడే అని చెప్పింది. అయితే పని తోడైందని చూపించాలి, డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చిందని మాత్రమే చూపిస్తే చాలదు. 2006లో సుప్రీంకోర్టు, లారీ క్లీనరు గుండెపోటుతో చనిపోయిన కేసులో ఆ సంబంధం చూపలేదని క్లెయిమ్ ఒప్పుకోలేదు. ఈ రెండు తీర్పుల మధ్య దూరాన్ని నింపేది మళ్ళీ వాంగ్మూలమే.

డబ్బు లెక్కకి వస్తే, ఇక్కడ కూడా కార్మికుడు రాసిన మాటలకి నేరుగా రూపాయల్లో విలువ ఉంటుంది. పూర్తి శాశ్వత వైకల్యానికి సూత్రం నెల కూలీలో 60 శాతాన్ని వయసుని బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణించడం. నలభై ఏళ్ళకి ఆ అంకె 184.17. 2020 జనవరి నుంచి లెక్కకి తీసుకునే నెల కూలీ గరిష్ఠంగా 15,000. ఇతనికి సగటున నెలకి 14,000 వస్తుంది అనుకుంటే 60 శాతం 8,400, గుణిస్తే సుమారు 15,47,000. సంపాదించే శక్తిలో ఎంత శాతం పోయిందో ఇందులో అంత శాతం వస్తుంది. 30 శాతం అంటే 4,64,000 పైచిలుకు. ఇప్పుడు అదే మనిషి కాగితంలో "కూలీ పని" అని మాత్రమే రాసి, మిల్లు వాళ్ళు 9,000 ఇస్తున్నామని చెబితే, అదే 30 శాతానికి మూడు లక్షలు కూడా రావు. బస్తాకి ఎంత, రోజుకి ఎన్ని, నెలకి ఎన్ని రోజులు, ఎవరు ఎలా చెల్లించారు అన్నది నాలుగు వాక్యాల్లో రాసి, చిట్టీలుంటే జత చేస్తే లక్షన్నరకి పైగా తేడా.

శాతం దగ్గర ఇంకా పెద్ద తేడా. చట్టం అడిగేది శరీరానికి వచ్చిన వైకల్యం శాతం కాదు, సంపాదించే శక్తి ఎంత పోయింది అని. ఈ రెండూ వేరు. ఒడిశాలో ఒక సినిమా హాల్లో పని చేస్తూ పడిపోయి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసులో, ఒక్క చెయ్యే కదా పూర్తి వైకల్యం ఎలా అవుతుందని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నూరు శాతం పోయినట్టే అని సుప్రీంకోర్టు 1975లో తీర్పిచ్చింది. మన హమాలీ విషయానికొస్తే, నడుం గాయం చట్టంలోని పట్టికలో లేదు కాబట్టి డాక్టరే శాతం అంచనా వేసి చెప్పాలి. డాక్టరుకి మిల్లు పని తెలీదు. అందుకని వాంగ్మూలం చివర్లో ఇలా ఉండాలి: "నా పనికి రోజంతా వంగి 50 కిలోలు వీపు మీద తీసుకోవాలి. ఇప్పుడు బిందెడు నీళ్ళు ఎత్తలేకపోతున్నాను. నాకు చదువు రాదు, వేరే పని తెలీదు. మిల్లులో ఊడ్చే పనికి మూడు రోజులు వెళ్ళాను, వంగలేక మానేశాను." ఊడ్చే పనికి వెళ్ళిన సంగతి దాచాలనిపిస్తుంది, కానీ ప్రయత్నించి చేయలేకపోయానని చెప్పడం ఉట్టినే చేయలేను అనడం కన్నా చాలా బలంగా ఉంటుంది. అవయవ వైకల్యం ఎంతో, ఈ పనికి సంబంధించి సంపాదన నష్టం ఎంతో రెండూ విడిగా చెప్పమని డాక్టర్ని కోరాలి.

నయమయ్యేదాకా పని లేకపోతే, ఆ తాత్కాలిక కాలానికి పదిహేను రోజులకోసారి నెల కూలీలో నాలుగో వంతు రావాలి, ఇతనికైతే 3,500. వైద్యం ఖర్చుల అసలు బిల్లులు కూడా యజమానే ఇవ్వాలి, 2009 నుంచి ఆ హక్కు చట్టంలో ఉంది. గాయమై నెల దాటినా పరిహారం ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది, కారణం లేకుండా ఎగ్గొడితే సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు.

కాగితం ఎప్పుడు ఇవ్వాలి అన్నది ఆలస్యం చేసేది కాదు. యజమానికి నోటీసు వీలైనంత త్వరగా, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో, రసీదు దాచుకుని. కమిషనర్ దగ్గర క్లెయిమ్ ప్రమాదం జరిగిన రెండేళ్ళ లోపు, మన దగ్గర సాధారణంగా కార్మిక శాఖ డిప్యూటీ లేదా అసిస్టెంట్ కమిషనరే ఆ హోదాలో ఉంటారు. నోటీసు ఇవ్వకపోయినా యజమానికి ప్రమాదం సంగతి ముందే తెలుసని చూపిస్తే కేసు పోదు, గుమస్తాకి అప్పుడే చెప్పాను అన్న వాక్యం అందుకే ఉంది. నోటీసు అందాక మూడు రోజుల్లోపు యజమాని తన ఖర్చుతో డాక్టరు పరీక్ష చేయిస్తానంటే వెళ్ళాల్సిందే. కారణం లేకుండా వెళ్ళకపోతే అన్నాళ్ళూ హక్కు ఆగిపోతుంది. అక్కడ కూడా అదే కథ, అదే మాటల్లో చెప్పాలి.

ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళకి మాత్రం దారి వేరు. వాళ్ళు ఈ చట్టం కింద యజమాని మీద క్లెయిమ్ వేయడానికి లేదు, ఈఎస్ఐ నుంచే తీసుకోవాలి. పనిచేయలేని కాలానికి అక్కడ కూలీలో సుమారు 90 శాతం వస్తుంది. కానీ అక్కడా ప్రమాదాల రిజిస్టర్లో ఎంట్రీ, యజమాని పంపే ప్రమాద నివేదిక ఉంటాయి, వాటిలో రాసేది గుమస్తానే. "పనిలో ఉండగా నడుం నొప్పి" అని రాసి సంతకం పెట్టమంటే ఆగి, బస్తా ఒరగడం, మెలితిరగడం చేర్చమని అడగాలి. చేర్చనంటే తన వాంగ్మూలాన్ని విడిగా అదే రోజు పోస్టులో పంపాలి.

కమిషనర్ ముందు కేసు విచారణకొచ్చినప్పుడు కార్మికుడు మొదటి సాక్షి, డాక్టరు రెండో సాక్షి. ప్రమాణపత్రంలో రాసిందే అతని మొదటి సాక్ష్యం, తర్వాత క్రాస్. నేను చూసినంతలో అక్కడ ఎక్కువగా అడిగేవి: బస్తా ఎటు ఒరిగింది, ఎవరు ఎత్తారు, ఎంతసేపటికి గుమస్తాకి చెప్పావు, ఆటోకి డబ్బులు ఎవరిచ్చారు. జరిగినవాడు ఇవి చూడకుండా చెప్పగలడు, ఎవరో రాసిపెట్టిన కాగితం మోసుకొచ్చినవాడు తడబడతాడు. అందుకే రాసిందంతా వేలిముద్ర వేసే ముందు అతనికి నెమ్మదిగా చదివి వినిపిస్తాం. అతను "అలా కాదయ్యా, కుడివైపు వాడిది జారింది, నేను ఎడమకి తిరిగాను" అని దిద్దితే ఆ వాక్యం మళ్ళీ రాస్తాం. ఎత్తిన ఇద్దరి పేర్లూ, వాళ్ళు సాక్ష్యానికి వస్తారో లేదో ఆ వారంలోనే కనుక్కుంటాం, ఎందుకంటే సీజన్ అయిపోతే ముఠాలో సగం మంది వేరే ఊళ్ళకి వెళ్ళిపోతారు.